కొబ్బరికాయల లెక్క: తీసింది ఐదో వంతు, కలపాల్సింది నాలుగో వంతు

గుంటూరు అరండల్‌పేటలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు అర్థమెటిక్ చెబుతాను. కొత్త బ్యాచ్‌కి నావికుల లెక్క ఇచ్చిన ప్రతిసారీ క్లాసులో సగం మంది ఒకే చోట ఆగిపోతారు. ఆగిపోయాక "మేడమ్, బిట్ తప్పేమో" అంటారు. బిట్ తప్పు కాదు. వెనక నుంచి రావడం గురించి ఎవరో చెప్పిన మాట తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

లెక్క చాలామందికి తెలిసిందే. ఐదుగురు నావికులు ఒక దీవిలో కొబ్బరికాయలు పోగుచేసి, పొద్దున్నే పంచుకుందామని పడుకున్నారు. రాత్రి ఒకడు లేచి కుప్పను ఐదు సమాన భాగాలు చేస్తే ఒక కాయ మిగిలింది. దాన్ని కోతికిచ్చి, తన భాగం దాచుకుని, మిగతా నాలుగు భాగాలూ మళ్ళీ ఒకే కుప్పగా పోసి పడుకున్నాడు. తర్వాత రెండోవాడు, మూడోవాడు, ఇలా ఐదుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే పని చేశారు. ప్రతిసారీ ఒక కాయ మిగిలింది, కోతికి వెళ్ళింది. పొద్దున మిగిలిన కుప్పను ఐదుగురూ సమానంగా పంచుకున్నారు, ఈసారి ఏమీ మిగల్లేదు. మొదట్లో కనీసం ఎన్ని కాయలున్నాయి? 1926లో ఒక అమెరికన్ వారపత్రిక కథలో ఈ లెక్క వచ్చింది. కథలో జవాబు చెప్పకపోవడంతో పాఠకుల ఉత్తరాలు ఆ పత్రికను ముంచెత్తాయి.

అపోహ: ఒక్కొక్కడూ ఐదో వంతు తీశాడు కాబట్టి, వెనక్కి వచ్చేటప్పుడు ఐదో వంతు కలపాలి.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఈ లెక్కలోనే కాదు, శాతాల్లో, లాభనష్టాల్లో కూడా ఇదే తప్పు వేరే రూపంలో వస్తుంది. లక్ష్మీపురంలో ఏ షాపులోనైనా 20 శాతం తగ్గింపు పోగా చీర 800 రూపాయలకు వచ్చిందంటే అసలు ధర 960 కాదు, 1000. తగ్గించింది వెయ్యిలో ఐదో వంతు. మన చేతిలో ఉన్నది వెయ్యి కాదు, ఎనిమిది వందలు. ఆ రెండు వందలు ఎనిమిది వందల్లో నాలుగో వంతు.

కుప్ప సంగతీ అంతే. నావికుడు తీసింది తన ముందున్న కుప్పలో ఐదో వంతు. వెనక నుంచి వచ్చే మనకు ఆ కుప్ప కనబడదు, అతను వదిలి వెళ్ళిన నాలుగు భాగాలే కనబడతాయి. కాబట్టి మిగిలినదాన్ని నాలుగుతో భాగించి, అంతే కాయలు కలపాలి. ఆ తర్వాత కోతికిచ్చిన ఒకటి కలపాలి. ఈ వరుస కూడా ముఖ్యం. నావికుడు ముందు కోతి కాయ పక్కన పెట్టి, తర్వాత తన భాగం తీసుకున్నాడు. చివర తీసిందాన్ని మనం ముందు వెనక్కి పెట్టాలి. చాలామంది ముందు ఒకటి కలిపేసి ఆ తర్వాత భాగిస్తారు, లెక్క అక్కడే భిన్నాల్లో పడుతుంది.

పెద్ద సంఖ్యలు చూసి టెన్షన్ పడేవాళ్ళు ముందు ముగ్గురు నావికులతో చేసి చూడండి. పద్ధతి అదే, కాకపోతే ఇక్కడ ఒక్కొక్కడూ మూడో వంతు తీసి రెండు భాగాలు వదులుతాడు. పొద్దున కుప్పలో ఆరు కాయలున్నాయనుకుందాం. సగం మూడు. ఆరూ మూడూ తొమ్మిది, కోతిది ఒకటి, మొత్తం పది. పదిలో సగం ఐదు, కలిపితే పదిహేను, కోతిది ఒకటి, పదహారు. పదహారులో సగం ఎనిమిది, కలిపితే ఇరవై నాలుగు, కోతిది ఒకటి, ఇరవై ఐదు. జవాబు 25. ఇప్పుడు ముందు నుంచి సరిచూడండి. 25లో ఒకటి కోతికి, ఎనిమిది మొదటివాడికి, 16 మిగిలాయి. అందులో ఒకటి కోతికి, ఐదు రెండోవాడికి, పది మిగిలాయి. ఒకటి కోతికి, మూడు మూడోవాడికి, ఆరు మిగిలాయి. పొద్దున తలా రెండు.

అదే ఆరుకు మూడో వంతు కలిపారనుకోండి. ఆరూ రెండూ ఎనిమిది, కోతితో తొమ్మిది. తొమ్మిదీ మూడూ పన్నెండు, కోతితో పదమూడు. పదమూడులో మూడో వంతు పూర్ణసంఖ్య కాదు. పిల్లలు "బిట్ తప్పు" అనేది సరిగ్గా ఈ పదమూడు దగ్గరే. కొంతమంది నాలుగని సర్దేసి ఏదో ఆప్షన్ పెట్టేస్తారు. అది ఇంకా నష్టం, నెగెటివ్ మార్కు కూడా పడుతుంది.

ఇది లెక్కలు రానివాళ్ళు చేసే తప్పు అనుకోకండి. డిగ్రీలో లెక్కలు చదివినవాళ్ళూ చేస్తారు. మా దగ్గర ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదివేది. ఆర్ట్స్ నుంచి వచ్చింది, లెక్కలంటే చేతులు చల్లబడేవి. ఒకరోజు వాళ్ళ నాన్నగారు తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆయనది కొబ్బరికాయల దుకాణం. బోర్డు మీద ఆరు దగ్గర ఆగిపోయిన లెక్కను చూసి, "ఇదేంటమ్మా, ఆరున్నాయంటే రెండు భాగాలు, భాగానికి మూడు. ఎత్తుకుపోయిందీ మూడే కదా. కోతిదొకటి. పది" అన్నారు. ఆయన వంతుల మాటే ఎత్తలేదు, భాగాలు లెక్కపెట్టారు. ఆ రోజు నుంచి నేను కూడా క్లాసులో ముందు "ఎన్ని భాగాలు మిగిలాయి, ఒక్కో భాగం ఎంత" అనే అడుగుతున్నాను. ఆ అమ్మాయికి ఆ తర్వాత ఈ రకం బిట్ ఒక్కటీ పోలేదు.

ఇది మనవాళ్ళకు కొత్త విషయం కూడా కాదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో, వెనక నుంచి లెక్క చేసే పద్ధతి చెబుతూ ఈ సందర్భానికి విడిగా ఒక సూత్రం పెట్టాడు. ఒక రాశిలోంచి దాని వంతే తీసేసి ఉంటే, వెనక్కి వచ్చేటప్పుడు హారంలోంచి లవాన్ని తీసెయ్యాలి, లవం మాత్రం అలాగే ఉంటుంది. ఐదో వంతు తీస్తే ఐదులోంచి ఒకటి పోయి నాలుగు. కలపాల్సింది నాలుగో వంతు.

అపోహ: చివరి కుప్ప ఎంతో తెలియదు కాబట్టి వెనక నుంచి మొదలుపెట్టలేం, ఊహించుకుంటూ పోవాల్సిందే.

ముగ్గురికి ఆరుతో మొదలుపెట్టాం కాబట్టి కుదిరింది. పన్నెండుతో మొదలుపెడితే పన్నెండూ ఆరూ పద్దెనిమిది, కోతితో పంతొమ్మిది. దానికి సగం లేదు, ఆగిపోతాం. ఐదుగురికైతే 20, 40, 60 అని ప్రయత్నిస్తూ కూర్చుంటే పరీక్ష టైమ్ అంతా దానికే పోతుంది. ఆ అవసరం లేదు.

కుప్పలో పక్కవాళ్ళ దగ్గర అప్పు తెచ్చిన నాలుగు కాయలు కలిపామనుకోండి. ఐదుతో భాగిస్తే ఒకటి మిగిలే కుప్ప, నాలుగు కలపగానే ఐదుతో నిశ్శేషంగా పోతుంది. ఒక్కో భాగంలో ఒక కాయ పెరుగుతుంది. నావికుడు ఈ కుప్పలో సరిగ్గా ఐదో వంతు తీశాడంటే, అందులో అతని అసలు వాటా ఉంది, ఇంకో కాయ ఉంది. ఆ ఇంకో కాయే కోతిది. అంటే కుప్పలోంచి పోయేది మునుపటిలాగే పోతుంది, అప్పు తెచ్చిన నాలుగూ కుప్పలోనే ఉంటాయి. తర్వాతివాడికీ అవే పనికొస్తాయి.

ఇప్పుడు కోతి బాధ లేదు. ఒక్కో నావికుడు లేచినప్పుడల్లా కుప్ప ఐదింట నాలుగు వంతులకు తగ్గుతుంది, అంతే. వెనక్కి వచ్చేటప్పుడు ఐదుసార్లు నాలుగుతో భాగించి ఐదుతో గుణించాలి. ఐదుసార్లూ నాలుగుతో పోవాలంటే చివరి కుప్ప, అప్పు కాయలతో కలిపి, కనీసం 4×4×4×4×4 = 1024 ఉండాలి. అప్పు నాలుగు తీస్తే 1020. పొద్దున ఐదుగురికి పంచితే తలా 204, ఏమీ మిగలదు. షరతు కుదిరింది. ఇక వెనక్కి రండి:

```
అప్పుతో :  1024 → 1280 → 1600 → 2000 → 2500 → 3125
అసలు    :  1020 → 1276 → 1596 → 1996 → 2496 → 3121
```

జవాబు 3121. కింది వరుసలో ఒక్క అడుగు సరిచూద్దాం. 1020లో నాలుగో వంతు 255, కలిపితే 1275, కోతిదొకటి, 1276. మిగతా అడుగులూ ఇలాగే వస్తాయి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"జవాబు 3121 కాదు, 15621 అని మా ఫ్రెండ్ చెప్పాడు." రెండూ సరైనవే, లెక్కలు వేరు. పొద్దున పంచినప్పుడు కూడా ఒకటి మిగిలి కోతికి వెళ్తే 15621. అక్కడ చివరి కుప్ప 5116, తలా 1023. బిట్‌లో ఆఖరి వాక్యం చదవకుండా మొదలుపెట్టేవాళ్ళకే ఈ గొడవ. "కనీసం" అనే మాట కూడా చూడండి. అది లేకపోతే మన లెక్కకు జవాబు ఒక్కటే కాదు, 3121 తర్వాత 15625 కలిపితే వచ్చే 18746 కూడా కుదురుతుంది.

"సమీకరణాలు రానివాళ్ళు ఈ బిట్ వదిలేయాలి." పైన చేసినదాంట్లో సమీకరణం ఎక్కడా లేదు. ఆప్షన్లు ఇస్తే ఇంకా సులువు. ఐదుగురి లెక్కలో ఆప్షన్‌కు నాలుగు కలిపి 3125తో భాగించండి, పోకపోతే కొట్టేయండి. పోయినవాటిలో పొద్దున పంపకం కుదిరేది చూసుకోండి.

"షార్ట్‌కట్ ఉంది, n^n − (n−1) వేసేస్తే చాలు." ఫోన్లలో తిరిగే ఈ ఫార్ములా వల్ల పిల్లలు బాగా దెబ్బతింటున్నారు. ముగ్గురికి 25, ఐదుగురికి 3121 వస్తాయి కాబట్టి నమ్మేస్తారు. పొద్దున ఏమీ మిగలని లెక్కలో అది బేసి సంఖ్యలకే పనిచేస్తుంది. నలుగురు నావికులని ఇస్తే 253 చూపిస్తుంది. నడిపి చూడండి: 253 నుంచి 189, 141, 105, 78. రాత్రి నాలుగుసార్లూ చక్కగా పోయి, పొద్దున 78ని నలుగురికి పంచబోతే రెండు మిగులుతాయి. నలుగురికి అప్పు మూడు కాయలు. చివరి కుప్ప అప్పుతో కలిపి 3×3×3×3 = 81, లేదా దాని గుణిజం. 81 − 3 = 78 నాలుగుతో పోదు, 162 − 3 = 159 పోదు, 243 − 3 = 240 పోతుంది. అక్కడి నుంచి వెనక్కి వస్తే 243, 324, 432, 576, 768. మూడు తీసేస్తే 765. మొదట్లో ఉన్న కాయలు అవీ, పొద్దున తలా అరవై.