హియర్‌బైని చూడగానే పెన్ను తీయకండి: లైట్ ప్రూఫ్‌లో అపోహలు, వాస్తవాలు

నేను చూసే ఇంగ్లీషు ప్రూఫుల్లో ఎక్కువ భాగం ఉత్తరాలు, తీర్మానాలు, ఒప్పందాల ముసాయిదాలు. "తప్పులు మాత్రమే చూడండి, భాష ముట్టుకోవద్దు" అని చెప్పి పంపిస్తారు. లైట్ ప్రూఫ్ అంటే అదే. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల చేతులు మాత్రం హియర్‌బై, హియర్‌విత్, కైండ్లీ ఒబ్లైజ్ కనిపించగానే ఆగవు. నావీ ఆగేవి కావు.

అపోహ: హియర్‌బై అలంకారం, తీసేసినా అర్థం మారదు

కొన్నిచోట్ల నిజంగానే మారదు. కానీ ఎక్కడ మారదో తేల్చడం ప్రూఫ్ చూసేవాళ్ల పని కాదు. తెలుగు దస్తావేజుల్లో "ఇందుమూలముగా" చేసే పనే ఇంగ్లీషులో హియర్‌బై చేస్తుంది. "ఈ కాగితంతోనే, ఈ క్షణంలోనే ఈ పని జరిగిపోతోంది" అని చెబుతుంది. రాజీనామా చేస్తున్నాను, అధికారం ఇస్తున్నాను, పాత వీలునామా రద్దు చేస్తున్నాను అనేవి ఇలాంటి మాటలు. మాట అనడమే పని చేయడం. మన రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషు పాఠం చివర్లో ఉన్న హియర్‌బై కూడా ఈ రకమే.

అమెరికాలో ఒక పేటెంట్ వివాదంలో ఈ తేడా పెద్ద విషయమైంది. రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందో కొలిచే పద్ధతి మీద స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి, రోష్ కంపెనీకి మధ్య నడిచిన కేసు అది. పరిశోధకుడు యూనివర్సిటీకి రాసిచ్చిన కాగితంలో "అగ్రీ టు అసైన్" అని ఉంది, అంటే హక్కులు బదిలీ చేయడానికి ఒప్పుకుంటున్నాను అని. తర్వాత సీటస్ అనే కంపెనీకి, దాని హక్కులే ఆ పైన రోష్ చేతికి వచ్చాయి, రాసిచ్చిన కాగితంలో "డూ హియర్‌బై అసైన్" అని ఉంది, అంటే ఇందుమూలముగా బదిలీ చేస్తున్నాను అని. మొదటిది మాట ఇవ్వడం మాత్రమేనని, రెండోదానితో బదిలీ జరిగిపోయిందని 2009లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ చర్చ ప్రధానంగా వేరే చట్టం గురించి జరిగినా, 2011లో స్టాన్‌ఫర్డ్‌కు ఓటమే మిగిలింది.

అంటే హియర్‌బైలో ఏదో మంత్రం ఉందని కాదు. అక్కడ బరువంతా వర్తమాన కాలంలో ఉన్న క్రియది, హియర్‌బై దాన్ని బిగించింది. వాక్యం "సాఫీగా" ఉండాలని ఎవరో ఆ రెండు రూపాల్లో ఒకదాన్ని రెండోదానిగా మార్చి ఉంటే? ఆలోచిస్తేనే టెన్షన్.

అపోహ: పాత మాటలన్నీ ముట్టుకోకుండా వదిలేస్తే, వాటిలోని తప్పులూ వదిలేయాలి

ఇది ముందు చెప్పిన అపోహకు ఎదురు కొసన ఉండే పొరపాటు. ఫార్ములాను ముట్టుకోకూడదు గానీ, అది విరిగి ఉంటే అతకాలి. హియర్‌బై స్పెల్లింగులో మధ్యనున్న రెండో 'ఇ' పడిపోతే మిగిలేది 'హెర్బీ'. ఆకుల రుచి, వాసన ఉన్నది అని దాని అర్థం. అది కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి స్పెల్ చెక్ కింద ఎర్ర గీత పెట్టదు. హియర్‌విత్‌ని రెండు ముక్కలుగా టైపు చేసినా అంతే, రెండూ మంచి మాటలే. ఈ రెంటినీ నేను ప్రతి ఫైలులో సెర్చ్ పెట్టి విడిగా వెతుకుతాను.

ఈ మధ్య వచ్చిన ఒక ఫైలు చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్ సొసైటీ ఒక ఆఫీసుకు పంపే ఉత్తరం, దాని వెనక తీర్మానం కాపీ. ఉత్తరంలో హియర్‌విత్ రెండు ముక్కలై ఉంది, కలిపాను. దాని పక్కనే ఎన్‌క్లోజింగ్ కూడా ఉంది కాబట్టి ఒకే అర్థం రెండుసార్లు వచ్చింది. అది తప్పు కాదు, వదిలేశాను. ఉత్తరం అడుగున జతపరిచినవి మూడు అని రాశారు, ఫైలులో ఉన్నవి రెండే. ప్రశ్న రాశాను. ఉత్తరంలో మీటింగ్ తేదీ 14, తీర్మానంలో 17. ఇంకో ప్రశ్న. చివర్లో "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్" అని ఉంది. చేయి పెట్టలేదు.

తీర్మానంలో కమిటీ సెక్రటరీకి అధికారం ఇస్తున్న వాక్యంలో హియర్‌బైకి బదులు ఆ 'హెర్బీ' కూర్చుని ఉంది. దిద్దానా? లేదు. పైన "సర్టిఫైడ్ ట్రూ కాపీ" అని ఉంది. మినిట్స్ పుస్తకంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పుస్తకంలోనే తప్పు ఉందా, కాపీ టైపు చేసినప్పుడు వచ్చిందా అని అడిగాను. టైపింగులో వచ్చిందేనని చెప్పాక దిద్దాను. పుస్తకంలోనే ఉండి ఉంటే కాపీలో ఆ తప్పు అలాగే ఉండాల్సిందే.

ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. మొదటి రోజుల్లో ఇలాంటి తీర్మానం కాపీనే "చక్కగా" చేసి ఇచ్చాను, హియర్‌బైలన్నీ ఎత్తేసి. వాళ్ల వకీలు పుస్తకం పక్కన పెట్టుకుని చూసి, మొత్తం తిప్పి పంపారు. ఆ పని నేను డబ్బు తీసుకోకుండా మళ్లీ చేశాను.

అపోహ: కైండ్లీ ఒబ్లైజ్ గ్రామర్ తప్పు, ఎవరిని అన్నది లేదు

ఈ అర్థంలో ఒబ్లైజ్‌కి కర్మ కావాలన్నది నిజమే. పాత ఇంగ్లీషు వ్యాపార ఉత్తరాల్లో అది ఉండేది కూడా. "అండ్ ఒబ్లైజ్" తర్వాత కామా, కింది వరుసలో "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", సంతకం. వాక్యం సంతకంలోకి జారి అక్కడ పూర్తయ్యేది, ఆ సంతకమే కర్మ. మన సెలవు చీటీల్లో కామా పోయి ఫుల్‌స్టాప్ వచ్చింది, మాట మిగిలింది. కాబట్టి నన్ను అనే అర్థమున్న ఇంగ్లీషు "మీ" చేర్చి దాన్ని బాగుచేయనక్కర్లేదు. ఫైలులో కామా ఉంటే ఫుల్‌స్టాప్‌గా మార్చకండి, ఫుల్‌స్టాప్ ఉంటే కామాగా మార్చకండి.

మర్యాద సంగతి కూడా ఉంది. పై అధికారికి రాసే ఉత్తరంలో అది తెలుగులో "అని మనవి" లాంటిది. తీసేస్తే తప్పు పోదు, వినయం పోతుంది. ఉత్తరం మీద సంతకం నాది కాదు కదా.

అపోహ: హియర్‌విత్ ఎప్పుడూ అదనపు మాటే

పక్కన ఎన్‌క్లోజ్‌డ్ ఉంటే అదనమే. కానీ "రిపోర్టు హియర్‌విత్ పంపుతున్నాం" అన్నచోట అది ఒక్కటే చెబుతోంది, ఈ కవరులోనే ఉందని. తీసేస్తే, వేరేగా పంపుతారేమోనని అవతలివాళ్లు ఎదురుచూస్తారు.

అపోహ: క్లయింట్ ఒప్పుకుంటే మార్చేయొచ్చు

మార్చొచ్చు, కానీ అది లైట్ ప్రూఫ్ కాదు. విదేశీ కస్టమర్లకు వెళ్లే ఈమెయిళ్లను ఇప్పటి ఇంగ్లీషులోకి మార్చమని అడుగుతుంటారు. అది ఎడిటింగ్, దాని రేటు వేరు, గడువు వేరు. అఫిడవిట్లు, సంతకాలైన ఒప్పందాలు, వేరేవాళ్ల ఉత్తరం నుంచి ఎత్తిరాసిన భాగాలు అందులోకి కూడా రావు. ముసాయిదా ఒప్పందమైతే వకీలు చూస్తున్నారా అని అడిగి, అనుమానం ఉన్నచోట మార్జిన్‌లో ప్రశ్న రాసి ఊరుకుంటాను.

పొరపాటున కొట్టేసి ఉంటే దానికీ పద్ధతి ఉంది. కాగితం మీదైతే కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టి, మార్జిన్‌లో "స్టెట్" అని రాయాలి. లాటిన్‌లో దాని అర్థం "ఉండనివ్వు". వర్డ్ ఫైలులో ట్రాక్ చేంజెస్ పెట్టి పనిచేసి ఉంటే, ఆ మార్పును రిజెక్ట్ చేస్తే చాలు. ట్రాక్ చేంజెస్ పెట్టకుండా చేసి ఉంటే మాత్రం అసలు ఫైలు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి మొదటి నుంచి పోల్చుకోవాల్సిందే.