మూడు కొటేషన్లు వస్తే సరిపోదు: ఎంక్వైరీ రాతపై అపోహలు, వాస్తవాలు

ఫ్యాక్టరీ పర్చేజ్‌లో నా పని ఎక్కువగా మోటార్లు, పంపులు, గేర్‌బాక్సులు కొనడం. సప్లయర్లను ధర అడిగే ఎంక్వైరీని రెండు లైన్లలో పంపేసి, వచ్చిన కొటేషన్లతో కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేయడానికి రెండు రోజులు కుస్తీ పట్టిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఒకసారి నాలుగు మోటార్ల కోసం "20 హెచ్‌పీ మోటార్, 1440 ఆర్‌పీఎం, మంచి బ్రాండ్, అర్జెంట్" అని రాశాను. ఆ ఒక్క ఎంక్వైరీ చాలు, ఈ అపోహలన్నీ చూపించడానికి.

అపోహ: బ్రాండ్ పేరు రాసి, పక్కన "లేదా సమానమైనది" అంటే స్పెసిఫికేషన్ ఇచ్చినట్టే.

దేనిలో సమానం? ఆ ముక్క చెప్పకపోతే ఎవరికి వీలైన సమానం వాళ్ళు చూసుకుంటారు. నాకు వచ్చిన మూడు కొటేషన్లలో ఒకరు ఐఈ3 ఎఫిషియెన్సీ క్లాస్ మోటార్ ఇచ్చారు, ఒకరు ఐఈ2, మూడో ఆయన ఏ క్లాసో రాయనే లేదు. ఐఈ2 ధర తక్కువ, అందుకే స్టేట్‌మెంట్‌లో అదే పైన కూర్చుంది. 20 హెచ్‌పీ, అంటే 15 కిలోవాట్, 4 పోల్ మోటార్‌కి కనీస ఎఫిషియెన్సీ ఐఈ2లో 90.6 శాతం, ఐఈ3లో 92.1 శాతం. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ పూర్తి లోడుపై ఏడాదికి 6000 గంటలు తిరిగితే దాదాపు 1,600 యూనిట్లు అదనంగా కాలుతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఒక్కో మోటార్‌కి 13 వేల దాకా. అంటే మేం పోల్చింది రెండు వేర్వేరు వస్తువుల్ని.

ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "15 కిలోవాట్, 4 పోల్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, ఐఎస్ 12615 ప్రకారం ఐఈ3, ఐపీ55, ఫ్రేమ్ 160ఎల్, ఫుట్ మౌంటింగ్. ఈ అంశాలన్నీ కలిసే ఏ మేక్ అయినా సమ్మతమే. పాత బేస్ రంధ్రాల్లోనే కూర్చోవాలి." దాని కింద మినహాయింపుల గడి ఒకటి పెడతాను. తేడా ఏమీ లేకపోయినా "లేదు" అని రాయాల్సిందే. ఖాళీగా వదిలితే ఒప్పుకున్నారా, చూడలేదా అన్నది తేలదు.

అపోహ: "డెలివరీ 6 వారాలు" అంటే అందరికీ ఒకే అర్థం.

ఆర్డర్ తేదీ నుంచా, అడ్వాన్స్ అందిన రోజు నుంచా, డ్రాయింగ్ అప్రూవల్ నుంచా? సరుకు వాళ్ళ గేటు దాటేదాకానా, మా స్టోర్లో దిగేదాకానా? "అర్జెంట్" అని రాస్తే మరీ ఘోరం, ప్రతివాళ్ళూ "వీలైనంత త్వరగా" అని తిరిగి రాస్తారు. "ఆర్డర్ తేదీ నుంచి మా స్టోర్లో చేరేదాకా ఎన్ని రోజులో అంకెలో రాయండి" అంటే సరి.

అపోహ: యూనిట్ ధర తక్కువ ఉన్నవాళ్ళే ఎల్1, అంటే అందరికన్నా చౌక.

దీనికి ఒకే స్పెసిఫికేషన్‌తో వచ్చిన రెండు కొటేషన్ల లెక్క చూడండి. మొదటిది 58,000 ఎక్స్-వర్క్స్, అంటే వాళ్ళ గేటు దగ్గరి ధర, ప్యాకింగ్ 2 శాతం అదనం, రవాణా మనదే, ఆర్డర్‌తో పాటే పూర్తి అడ్వాన్స్. రెండోది 61,500, ప్యాకింగ్, రవాణా కలిపి మా ఫ్యాక్టరీ డెలివరీ, సరుకు అందాక 45 రోజుల క్రెడిట్. 18 శాతం జీఎస్టీ రెండింటికీ అదనమే, మాకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి పక్కన పెట్టాను.

మొదటిదానికి ప్యాకింగ్‌తో 59,160. రవాణా, ఇన్సూరెన్స్ 1,800 కలిపితే 60,960. ఇక్కడితో ఆగితే ఇదే చౌక. కానీ 6 వారాల డెలివరీ, ఆపైన 45 రోజులు, మొత్తం 87 రోజులు ముందే మన డబ్బు వెళ్ళిపోతోంది. 12 శాతం వడ్డీ వేస్తే సుమారు 1,690 రూపాయలు. మొత్తం 62,650 దాటింది. 61,500దే చౌక అయింది.

ఈ లెక్క మనం ఎలా వేస్తామో ఎంక్వైరీలోనే చెప్పాలి: "ధర మా ఫ్యాక్టరీ డెలివరీకి ఇవ్వండి, ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్, జీఎస్టీ విడివిడిగా చూపండి. అడ్వాన్స్ అడిగితే ఏడాదికి 12 శాతం వడ్డీ కలిపి పోలుస్తాం." అప్పుడు అడ్వాన్స్ అడగాలా వద్దా అని సప్లయరే లెక్క వేసుకుంటారు.

అపోహ: క్రెడిట్ ఎన్ని రోజులు రాస్తే మనకు అంత లాభం.

90 రోజులు అని రాస్తే ఆ వడ్డీ ధరలోకే ఎక్కుతుంది. పైగా అమ్మేది ఎంఎస్ఎంఈలో రిజిస్టరైన సూక్ష్మ లేదా చిన్న తయారీ యూనిట్ అయితే, 2006 చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. "సరుకు ఆమోదించాక 45 రోజుల్లోపు" అని రాస్తే అందరికీ ఒకే షరతు.

ఇంకొకటి. ఎంక్వైరీ పంపాక ఒక సప్లయర్ ఫోన్ చేసి "షాఫ్ట్ సైజ్ ఎంతండీ?" అని అడిగితే, వాళ్ళకొక్కరికే చెప్పి ఊరుకోవద్దు. "షాఫ్ట్ 42 మిల్లీమీటర్లు" అని ఆ జవాబునే అందరికీ మెయిల్ చేసి, అవసరమైతే గడువు తేదీని రెండు రోజులు జరుపుతాను.