పాత పరుపు ఎక్కడికి పోతుంది?

హైదరాబాద్

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

కొత్త పరుపు, కొత్త సోఫా వచ్చాయి, పాతవాటిని చెత్త ఆటో అతను తీసుకోనన్నాడు, ఇప్పుడేం చేయాలి అని చిన్ని అడిగింది కదా. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ అతని మీద కోపం పెట్టుకోకండి. అది తడి చెత్త, పొడి చెత్త కోసం ఉన్న చిన్న బండి. ఒక డబుల్ కాట్ పరుపు ఎక్కిస్తే మీ వీధిలో మిగతా ఇళ్ల చెత్తకు చోటుండదు.

కొన్నేళ్ల కిందట మా పాత దూది పరుపుతో నేనొక తప్పు చేశాను. ఒక ట్రాలీ ఆటో అతనికి డబ్బులిచ్చి, "ఎక్కడైనా పడేయ్ బాబూ" అన్నాను. ఎక్కడ పడేస్తాడో అడగలేదు. వానాకాలంలో మా సందు చివర నాలా పొంగి నీళ్లు రోడ్డెక్కితే చూడటానికి వెళ్లాను. కల్వర్టు కింద అడ్డంగా ఇరుక్కుని ఒక పరుపు ఉంది. దాని మూల మీ నానమ్మ ఎర్ర దారంతో వేసిన కుట్లు కనిపించాయి. అది మనదే. నీళ్లు తాగిన దూదిని మనిషి కదపలేడు. దానికి ప్లాస్టిక్ కవర్లు, కొమ్మలు తట్టుకుని గోడలా తయారైంది. ముగ్గురు మనుషులు తాళ్లు కట్టి లాగితే గానీ బయటికి రాలేదు. వాళ్లు మోకాళ్లలోతు మురుగులో నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఏ పరుపునైనా విప్పకుండా బయటికి పంపకూడదని అనుకున్నాను.

ఎందుకంటే పెద్ద సామాను అలాగే ఉంటే ఎవరూ తీసుకోరు, ముక్కలైతే ఒక్కోదానికి ఒక్కో దారి దొరుకుతుంది. మీ పరుపు ఏదో ముందు తెలుసుకోండి. ఒక మూల కుట్టు విప్పి చూస్తే చాలు. దూది అయితే అదృష్టమే. దూదేకే వాళ్లతో ఏకించి కొత్త గుడ్డలో కుట్టిస్తే మళ్లీ పరుపవుతుంది, లేదంటే దిండ్లు అవుతాయి. స్పాంజిలా మెత్తగా ఉంటే ఫోమ్. ఫోమ్ ముక్కలను తరిగి, జిగురు కలిపి, అదిమి గట్టి పరుపులు తయారు చేస్తారు. కానీ ఫోమ్‌కు చోటెక్కువ, బరువు తక్కువ, అందుకే పాత సామాన్ల వాళ్లు ఇష్టపడరు. సోఫాలు రిపేరు చేసే షాపులో అడగండి. తడిసినది, మరకలున్నది మాత్రం వాళ్లు కూడా వద్దంటారు. లోపల గోధుమ రంగు పీచు కనిపిస్తే కొబ్బరి పీచు పరుపు. దానికి రబ్బరు పాలు పట్టించి ఉంటారు కాబట్టి కొనేవాళ్లు దొరకడం కష్టం. దానికి మున్సిపల్ వార్డు ఆఫీసులో ముందే చెప్పి, ఏ రోజు తీసుకెళ్తారో, ఎంత కట్టాలో కనుక్కోవాలి. ఆ రోజు వరకు కిందికి దించకండి.

ఇక సోఫా. బోర్లా తిప్పితే అడుగున నల్ల గుడ్డ ఉంటుంది. దాన్ని పిన్నులతో కొట్టి ఉంటారు. చదును స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పిన్ను లేపుతూ, అన్నీ ఒక డబ్బాలో వేయండి, కాలికి గుచ్చుకుంటే చాలా బాధ. గుడ్డ తీశాక పాము మెలికల్లా ఉండే స్ప్రింగులు కనిపిస్తాయి. వాటి జోలికి మీరు వెళ్లొద్దు. బిగుతుగా లాగి కట్టినవి, వదిలితే ముఖం మీదికి ఎగురుతాయి. మీ నాన్న గ్లౌజులు వేసుకుని తీస్తాడు. ఆ ఇనుమును పాత ఇనప సామాన్ల అతను తూకం వేసి కొంటాడు. చట్రంలోని మంచి కర్ర వడ్రంగికి పనికొస్తుంది. ప్లైవుడ్ ముక్కలను మాత్రం పొయ్యిలోకి ఇవ్వకండి, వాటిలో జిగురు ఉంటుంది. ఫోమ్‌ను అసలు కాల్చకూడదు, దాని పొగలో ప్రాణం తీసే విషవాయువులుంటాయి.

ఎవరికైనా వాడుకోవడానికి ఇవ్వాలనుకుంటే ఒక పరీక్ష ఉంది. టార్చ్ వేసి కుట్ల వెంట, మూలల మడతల్లో చూడండి. ఇంకు చుక్కల్లాంటి నల్ల మచ్చలుంటే నల్లులున్నట్టే. పైపైన ఎండలో వేస్తే లోపలివి చావవు. అలాంటిదాన్ని ఎవరికీ ఇవ్వకండి, కింద పెట్టినా ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్తారు. మందమైన ప్లాస్టిక్‌లో మూతిగట్టి, బయట "నల్లులున్నాయి" అని పెద్ద అక్షరాలతో రాసి, మున్సిపల్ వాళ్లకే అప్పగించండి.

శనివారం పొద్దున్నే వస్తాను. నా పాత స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ తెస్తాను. అప్పటిదాకా సోఫా మీద వాన చుక్క పడకుండా చూడండి. బాబీ, పిన్నుల కోసం ఒక ఖాళీ డబ్బా తీసి ఉంచు.

మీ తాతయ్య