కళ్లద్దాలకు ఆవిరి పట్టకుండా ఒక సబ్బు చుక్క

మాస్కు పైఅంచుకూ ముక్కుకూ మధ్య సందు ఉంటే, మనం వదిలిన ఊపిరి గుడ్డలోంచి దూరే కష్టం పడదు. ఆ సందులోంచి పైకెగసి నేరుగా కళ్లద్దాల వెనకవైపు తగులుతుంది. ఆ గాలి సుమారు 34 డిగ్రీల వెచ్చదనంతో, నీటి ఆవిరితో నిండి ఉంటుంది. అంత వెచ్చని గాలి ఘనపు మీటరుకు 37 గ్రాముల ఆవిరిని మోయగలదు. జనవరి పొద్దున అద్దం 18 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. ఆ చల్లదనంలో గాలి మోయగలిగేది 15 గ్రాములే. మిగిలింది అద్దం మీద నీరై దిగాల్సిందే.

అలా దిగే నీరు నిజానికి చాలా కొంచెం. పలుచని పొరలా పరుచుకుంటే దాని గుండా అంతా చక్కగా కనిపిస్తుంది. కానీ చేతి జిడ్డు అంటిన అద్దం మీద నీరు పరుచుకోదు, కంటికి ఆనని చుక్కలుగా ముడుచుకుంటుంది. ఒక్కో చుక్క వెలుగును ఒక్కో వైపు చెదరగొట్టడంతో మనకు తెల్లని మసక కనిపిస్తుంది.

సబ్బు పని ఇక్కడే. అది ఆవిరిని ఆపదు, నీటి తలతన్యతను తగ్గించి చుక్కల్ని పొరగా సాగదీస్తుంది. అద్దాలను గోరువెచ్చని నీటిలో తడిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క రెండువైపులా వేలితో రాయండి. పైపైన కడిగి, విదిలించి, గాలికి ఆరనివ్వండి. గట్టిగా తుడిస్తే సబ్బు పొర పోతుంది, ఫలితమూ పోతుంది. ఆరాక అద్దం మీద ‘హా’ అని ఊదండి. ఎక్కడైనా బూడిదరంగు మచ్చ నిలిస్తే అక్కడ జిడ్డు మిగిలిందన్నమాట. ఈ పొర ఎక్కువకాలం నిలవదు, చొక్కా కొసతో ఒకసారి తుడిచినా పోతుంది. టూత్‌పేస్టు మాత్రం రాయకండి, దాని రాపిడికి అద్దంపై పూత గీరుకుపోతుంది. షాపులో ఆవిరి పట్టని పూత వేయించుకుని ఉంటే, సబ్బు వాడే ముందు అక్కడే అడగండి.

మాస్కు విషయంలో సందు మూయడం అంతకంటే మేలు. పైనున్న లోహపు పట్టీని ఒక చేత్తో గిల్లితే మధ్యలో కోసుగా లేచి ఇరుపక్కలా సందులు మిగులుతాయి. రెండు చేతుల వేళ్లతో మధ్యనుంచి బుగ్గల వైపు ఒత్తుకుంటూ వెళ్లాలి. కళ్లజోడు మాస్కు అంచు మీద కూర్చోవాలి. గంటలకొద్దీ పెట్టుకునేవాళ్లు పైఅంచును చర్మానికి పేపర్ టేపుతో అంటిస్తే ఇంకా బాగుంటుంది.

హెల్మెట్‌లో సందు మూసే ఉపాయం నడవదు, ఊపిరి పోయేదారే అక్కడ తక్కువ. బండి కదిలినంతసేపు గాలి వచ్చి ఆవిరిని పలుచన చేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే మసక ముంచుకొస్తుంది. అందుకే గడ్డం దగ్గరి గాలిరంధ్రాలు తెరిచి ఉంచి, ఆగిన వెంటనే వైజర్‌ను కొద్దిగా ఎత్తండి. వైజర్ లోపలివైపుకీ సబ్బు పనిచేస్తుంది. నడుపుతుండగా మసక పట్టి తొలగకపోతే, పక్కకు ఆపి తుడుచుకున్నాకే కదలండి.