07/05/1924: మే ఏడా, జూలై ఐదా?

ఒక సాహిత్య సంస్థ ఈమధ్య ప్రముఖుల జాబితా వేసింది. అందులో అల్లూరి సీతారామరాజు వర్ధంతి జూలై 5 అని పడడంతో పాత గొడవ మళ్లీ లేచింది. కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపింది 1924 మే 7న. జాబితా తయారుచేసినవాళ్లు ‘మాకు వచ్చిన ఫైల్లో అలాగే ఉంది’ అంటున్నారు. ఇంకొందరైతే రెండు తేదీలూ ప్రచారంలో ఉన్నాయి కాబట్టి రెండూ వేసేస్తే సరిపోతుందని సర్దిచెబుతున్నారు. పుస్తకాలకు ప్రూఫులు దిద్దేవాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. వాళ్లు ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి అక్కడ ఆగను. తేడా చాలాకాలంగా ఉన్నా మన జీవిత చరిత్రల్లో నెలలు ఇంత విరివిగా మారలేదు. కారణం ఏమిటంటే, తెలుగులో తేదీ రాసే పద్ధతిలో నెల పేరు ఉండేది. పంచాంగం ప్రకారం రాస్తే ఫలానా నామ సంవత్సరం, ఫలానా మాసం, ఫలానా తిథి అని రాసేవారు. ఇంగ్లిషు తేదీ వేసినా ‘1897 జూలై 4న జన్మించారు’ అనే రాశారు. అందులో సంవత్సరం, నెల, రోజు వరుసగా వస్తాయి, పైగా నెల అక్షరాల్లో ఉంటుంది. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ఇదే వరుసను అంకెల్లో పెట్టింది. ఈ పద్ధతిలో నెలను రోజు అనుకునే వీలు లేదు.

అంకెల తేదీ మనకు దరఖాస్తు ఫారాల నుంచి, బడి రిజిస్టర్ల నుంచి వచ్చింది. అక్కడా దానికో కాపలా ఉండేది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ వేస్తారు. చెక్కు మీద రోజుకు రెండు గళ్లు, నెలకు రెండు గళ్లు ముందే అచ్చయి ఉంటాయి. అంకెలు ఒంటరిగా మిగిలింది ఆ తర్వాతే.

నా ఉద్దేశంలో అసలు మలుపు, జీవిత చరిత్రలు పుస్తకంలోంచి ఎక్సెల్ జాబితాలోకి మారిన రోజుల్లో వచ్చింది. జయంతి కార్డులకు, ప్రత్యేక సంచికలకు, వెబ్‌సైట్లకు అందరూ జాబితాలు అడగడం మొదలుపెట్టారు. పేరుకో వరుస, పుట్టిన తేదీకో నిలువు గడి, మరణానికి ఇంకోటి. ‘1924 మే 7’ అని ఉన్నదాన్ని టైపు చేసేవారు 07/05/1924 అని కుదించారు. మన దగ్గర అది తప్పు కాదు. అదే ఫైలు అమెరికాలో సంచిక వేస్తున్న మనవాళ్లకు వెళ్లింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు, విజయవాడలో కొన్న ల్యాప్‌టాప్‌లో రీజియన్ సెట్టింగు ‘ఇంగ్లిష్ (యునైటెడ్ స్టేట్స్)’ అని ఉన్నా చాలు.

ఇక్కడ జరిగేది దగ్గరగా చూడాలి. ఆ కంప్యూటర్‌లో 07/05/1924 అని టైపు చేసినా, సీఎస్‌వీ ఫైలుగా తెరిచినా ఎక్సెల్ దాన్ని జూలై 5గా చదువుతుంది. ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు, 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టి వరుస సంఖ్యగా దాచుకుంటుంది. మే 7 అయితే 8894 రావాలి, ఇక్కడ 8953 వచ్చింది. 59 రోజుల తేడా. కానీ తెర మీద 7/5/1924 అనే కనిపిస్తుంది. ముందున్న సున్నాలు పోయాయి తప్ప చూసేవాళ్లకు ఏమీ మారినట్టు ఉండదు. సేవ్ చేసి పంపేస్తారు. ఆ ఫైలును భారతదేశం సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే లోపలున్న 8953 మన పద్ధతిలో 05-07-1924గా బయటపడుతుంది. ఎదురుగా ఉన్నదాన్ని నమ్మి మనిషి ‘జూలై 5’ అని అక్షరాల్లో రాస్తాడు. ఆ క్షణం నుంచి అది తప్పని పట్టించే గుర్తేమీ మిగలదు.

అదే వరుసలో పుట్టిన తేదీ 04/07/1897 మాత్రం చెక్కుచెదరదు. ఎక్సెల్‌కు 1900 ముందు తేదీలు తెలియవు కాబట్టి దాన్ని మామూలు అక్షరాల కిందే ఉంచేస్తుంది. అంటే ఒకే మనిషికి జయంతి సరిగ్గా ఉండి వర్ధంతి తారుమారవుతుంది. జాబితా చేసినవాళ్లు ‘జయంతి సరిగ్గానే ఉంది కదా, మేం తిప్పి ఉంటే రెండూ తిరగాలి కదా’ అని వాదిస్తున్నది దీని గురించే. ఆ వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకటి నిలిచి ఒకటి తిరగడమే ఫైలు ఈ దారిలో వచ్చిందనడానికి గుర్తు.

వెబ్‌సైట్‌లోకి ఎక్కించేటప్పుడు దారి వేరు. చాలా సైట్ల వెనక ఉండే పీహెచ్‌పీ భాషలో గీత ఎటు వాలిందన్నదే నెలను తేలుస్తుంది:

```php
echo date('Y-m-d', strtotime('07/05/1924')); // 1924-07-05
echo date('Y-m-d', strtotime('07-05-1924')); // 1924-05-07
```

వాలు గీత ఉంటే అమెరికా పద్ధతి, అడ్డ గీత ఉంటే మన పద్ధతి. ఇక్కడ 1900 అడ్డు కూడా లేదు కాబట్టి వాలు గీతతో ఇస్తే జయంతి సైతం ఏప్రిల్ 7కు జరిగిపోతుంది. భీమవరంలో 2022 జూలై 4న 125వ జయంతికి విగ్రహం ఆవిష్కరించారని అందరికీ గుర్తుంది కాబట్టి ఆ తప్పును ఎవరో ఒకరు పట్టుకుంటారు. వర్ధంతికి అంత జ్ఞాపకం లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తేదీ 05/09 అయినా అది మే 9 అయిపోకుండా ఉపాధ్యాయ దినోత్సవం కాపాడుతోంది. పండగ లేని రచయితకు, ఊరి బయట పేరు తెలియని స్వాతంత్ర్య సమరయోధుడికి ఆ కాపలా లేదు. ఈ గొడవలో నాకు బాధ కలిగించేది వాళ్ల సంగతే.

అన్ని తేదీలూ తిరగవు. రోజు 12 దాటితే దాన్ని నెల అనుకునే వీలుండదు. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29ని ఎవరూ తిప్పలేరు. కాళోజీది 09/09 కాబట్టి తిప్పినా అదే. ఏడాదిలో ఇలా రెండు రకాలుగా చదవగలిగిన తేదీలు 132, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగతావి సరిగ్గా ఉండడం వల్లే జాబితా మొత్తం మీద నమ్మకం కుదిరిపోతుంది. పాడైన ఎక్సెల్ జాబితాను ఆనవాలు పట్టడానికి ఒక సులువు ఉంది. అమరిక ఎవరూ మార్చకపోతే, తేదీగా మారినవి గడిలో కుడి అంచుకు, అక్షరాలుగా మిగిలినవి ఎడమ అంచుకు చేరతాయి. 1900 తర్వాతి తేదీలున్న నిలువు వరుసలో 13/05, 29/08 లాంటివన్నీ ఎడమకూ మిగతావన్నీ కుడికీ చేరి ఉంటే, కుడివైపువన్నీ తిరిగాయని అనుమానించాలి.

ప్రూఫులు దిద్దేవాళ్ల మాటకు ఇక్కడే బలం వస్తుంది. ఒక మనిషికి రెండు తేదీలు కనిపించి, అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటే, అది చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయం కాదు. ఏదో ఒక ఫైల్లో అంకెలు తిరిగాయి, అంతే. రెండూ వేస్తే లేని వివాదాన్ని మనమే పుట్టించినట్టవుతుంది. ఫైలు చూసి రాసినవాడు రెండో సాక్షి కాడు, ఎంతమంది రాసినా సాక్షి ఒక్కడే. వాళ్లు అడిగేది అంకెలు పుట్టకముందు అచ్చయిన కాగితం ఏమంటోందని. వారం పేరు దొరికితే పని తేలిక. 1924 మే 7 బుధవారం, జూలై 5 శనివారం. మాసం దొరికినా చాలు. 1897 జూలై 4 ఆషాఢంలో పడుతుంది, ఏప్రిల్ 7 చైత్రంలో పడుతుంది.

నేనూ ఇలాంటి జాబితా ఒకటి సరిచూశాను. ఒక కవిగారి పుట్టిన తేదీ ఒకచోట మార్చి 8, ఇంకోచోట ఆగస్టు 3 అని ఉంది. సంస్థవాళ్లు మార్చి 8న సభ పెట్టేస్తున్నారు కూడా. ఆయన తొలి పుస్తకం పాత ప్రతి ఒకాయన ఇంట్లో అటక మీద దొరికింది. పీఠికలో ‘శ్రావణ మాసపు వానలో పుట్టినవాణ్ని’ అని ఆయనే రాసుకున్నారు. మార్చిలో శ్రావణం రాదు. ఆగస్టు 3 ఖాయమైంది.

ఆ జాబితాలోనే ఇంకొకాయన పుట్టిన తేదీ నాకు తేలలేదు. మే 6, జూన్ 5. వాళ్లబ్బాయి దగ్గర తిథి ఉంది, మాసం చిరిగిపోయింది. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు, ఈ రెండు తేదీల మధ్య ముప్పై రోజులు. అందుకని తిథి రెండింటికీ దాదాపు ఒకటే వస్తుంది, దాంతో తేల్చలేం. వారం దొరికితే తేలిపోయేది, రెండు రోజుల తేడా వస్తుంది కదా. వాళ్ల పెద్దమ్మకు గుర్తుండొచ్చని ఫోన్ చేయించాం. ‘సంత రోజున పుట్టాడు’ అన్నారావిడ. ఆ ఊళ్లో ఆ రోజుల్లో సంత ఏ వారం జరిగేదో ఇప్పుడు కనుక్కుంటున్నాం. అది తెలిసేవరకు జాబితాలో ఆయన పేరు ఎదురుగా సంవత్సరం మాత్రమే వేసి, నెల ఖాళీగా ఉంచాను.