చోటు మారని 'ఎందుకు' కదిలిందని ఎలా చెప్పగలం?

"రవి పుస్తకం కొన్నాడు." ఇందులో 'పుస్తకం' తీసేసి అక్కడే 'ఏం' పెడితే ప్రశ్న తయారు: "రవి ఏం కొన్నాడు?" ఇంగ్లీషులో అయితే "వాట్ డిడ్ రవి బై?" అని ప్రశ్నపదం వాక్యం మొదటికి రావాలి. చైనీసుకు మన పద్ధతే.

ఇంగ్లీషు ప్రశ్నపదం ఎక్కడి నుంచైనా బయటికి రాలేదు. 1967లో భాషాశాస్త్రవేత్త జాన్ రాస్ తన సిద్ధాంత గ్రంథంలో ఇలా దాటలేని చోట్లకు 'ద్వీపాలు' అని పేరు పెట్టాడు. 'రవి రాసిన పుస్తకం'లో 'రవి రాసిన' లాంటి విశేషణ ఉపవాక్యం అలాంటి ద్వీపమే. దాని లోపలి నుంచి 'హూ'ని బయటికి లాగితే ఇంగ్లీషు వాక్యం విరిగిపోతుంది.

మరి తెలుగులో? "ఎవరు రాసిన పుస్తకం చదివావు?" హాయిగా అంటాం. పదం కదలలేదు కాబట్టి ద్వీపంతో పేచీ లేదనిపిస్తుంది. ఇప్పుడిది చూడండి: "రవి ఎందుకు రాసిన పుస్తకం చదివావు?" రవి రాయడానికి కారణం అడుగుదామంటే ఈ వాక్యం నిలబడదు. అర్థంలో లోపమేమీ లేదు, "రవి అప్పుల వల్ల రాసిన పుస్తకం చదివాను" అని చెప్పుకోవచ్చు. ఉపవాక్యంలో ఉండటమూ తప్పు కాదు: "రవి ఎందుకు రాశాడని అనుకుంటున్నావు?" బాగానే ఉంది, రాయడానికి కారణమే అడుగుతోంది. చిక్కల్లా ద్వీపంతోనే.

చైనీసులో సరిగ్గా ఈ తేడానే 1982లో భాషాశాస్త్రవేత్త సి.-టి. జేమ్స్ హువాంగ్ చూపించాడు. ద్వీపం అడ్డుకునేది కదలికను. చెవికి కదలికే వినిపించని చోట కూడా అడ్డు పడిందంటే, ఉచ్చారణ అయ్యాక, అర్థం కట్టే దశలో 'ఎందుకు' వాక్యం పైఅంచుకు వెళ్లాలి. ఇదీ ఆయన వాదన. దీన్నే అదృశ్య చలనం అంటారు. 'ఎవరు' కూడా అలాగే కదులుతుందనీ, కాకపోతే 'ఎందుకు'ను ఆపే నియమం దాన్ని ఆపదనీ ఆయన అన్నాడు. తర్వాతివాళ్లలో కొందరు 'ఎవరు' అసలు కదలదనీ, వాక్యం పైఅంచున వినిపించకుండా ఉండే ప్రశ్న సూచకమే దూరం నుంచి దాన్ని పట్టుకుంటుందనీ అన్నారు. వ్యాకరణాన్ని వీలైనంత తక్కువ ప్రక్రియలతో వివరించాలనే మినిమలిస్టు సిద్ధాంతంలో కదలిక లేకుండానే రెండు పదాల లక్షణాలు కలిసే 'ఎగ్రీ' అనే ప్రక్రియ ఉంది కాబట్టి, నాకు ఈ రెండో దారే సులువుగా తోస్తుంది.

అయితే ద్వీపం దగ్గర వాక్యం చెడినంత మాత్రాన కదలిక రుజువైపోదు. కారణం అడిగే పదం మొదటి నుంచీ వాక్యంలో పైస్థానంలోనే ఉండాలేమో, విశేషణ ఉపవాక్యంలో ఆ స్థానమే లేదేమో. దీన్ని పరీక్షించడానికి తెలుగులో మంచి జత ఉంది. "దేనికోసం రాసిన పుస్తకం చదివావు?" అంటే ఇబ్బంది లేదు. 'ఎందుకు' కూడా కారణం అడగకుండా 'దేనికి' అనే అర్థంలో వస్తే ద్వీపంలో ఇమిడిపోతుంది: "ఎందుకు పనికొచ్చే ఆకు ఇది?" అంటే చిక్కు 'ఎందుకు' అనే పదంలో లేదు, కారణం అడగడంలో ఉంది.