తల ఊపింది ఎవరు?

జపాన్ రచయిత యాసునారి కవాబాతా 1926లో రాసిన ‘ఇజు నర్తకి’ కథ చివర్లో ఒక వీడ్కోలు ఉంది. కథ చెప్పే కుర్రాడు టోక్యోకు తిరుగు ప్రయాణమయ్యాడు. దారిలో పరిచయమైన నాట్యం చేసే అమ్మాయి రేవుకు వచ్చింది. ఓడ ఎక్కేముందు ఒక వాక్యం వస్తుంది. క్రియ చివర ఖాళీ వదిలి దాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: “నేను తాళ్ల నిచ్చెన పట్టుకోబోతూ వెనక్కి తిరిగినప్పుడు, వీడ్కోలు చెప్పబోయి, అదీ మానుకుని, ఇంకోసారి తల మాత్రం ఊప...”

ఊపింది ఎవరు? జపనీస్ వాక్యంలో ఆ మాట లేదు. ఆ భాషలో కర్తను వదిలేయడం మామూలే. పైగా క్రియకు పురుష, లింగ, వచన భేదాలేవీ ఉండవు. నేను ఊపినా, ఆమె ఊపినా, వాళ్లంతా ఊపినా క్రియారూపం ఒక్కటే.

ఇంగ్లీషులో అలా కుదరదు, కర్త ఉండి తీరాలి. 1950లలో ఈ కథను ఇంగ్లీషులోకి తెచ్చిన ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ అక్కడ ‘నేను’ అని రాశాడు. అంటే వీడ్కోలు మాట పెగలక తల ఊపి ఊరుకున్నది కుర్రాడు. ఆయన జపనీస్ రానివాడేం కాదు. ఆ భాషా సాహిత్యానికి పేరున్న అనువాదకుడు. ఆయన ఎంపికకు కారణాలూ కనిపిస్తాయి. కథ మొత్తం ‘నేను’ చెబుతున్నది, కాబట్టి కర్త లేనిచోట ‘నేను’ అనుకోవడం సహజం. ‘చెప్పబోయి మానుకోవడం’ మనసులో జరిగే పని, అది చెప్పేవాడి మనసే అనిపిస్తుంది. వాక్యం మొదట్లో ‘నేను’ ఉండనే ఉంది.

అయితే తల ఊపింది అమ్మాయే. ఇదే సందేహంతో జపాన్ పాఠకులూ అడిగితే, కవాబాతా తర్వాత ఒక వ్యాసంలో జవాబు రాశాడు. ఆ ప్రశ్న రావడమే ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. ఆయన చూపించిన ఆధారాల్లో ఒకటి చాలా చిన్నది. ‘నేను’ తర్వాత తాను ‘వా’ అనే ప్రత్యయం కాకుండా ‘గా’ పెట్టానన్నాడు.

ఈ రెండింటి తేడా తెలుగువాళ్లకు కొత్తగా ఉంటుంది, ఎందుకంటే మనం కర్తకు ప్రత్యయమే పెట్టం. ‘వా’ తగిలిన మాట ప్రస్తావనకు వచ్చిన విషయం. దాని పట్టు వాక్యం చివరి క్రియదాకా, చాలాసార్లు తర్వాతి వాక్యాల్లోకి కూడా సాగుతుంది. ‘తిరిగినప్పుడు’ లాంటి ఉపవాక్యంలో ‘గా’ తగిలిన కర్త పట్టు మాత్రం సాధారణంగా ఆ ఉపవాక్యంతోనే అయిపోతుంది. కాబట్టి ఇక్కడి ‘నేను’ వెనక్కి తిరగడం వరకే. ఆ తర్వాతి పనులు ఎవరివో తెలియాలంటే ముందు వాక్యం చూడాలి. అక్కడ ‘నర్తకి’కి ‘వా’ ఉంది: ఆమె పెదవులు బిగించి ఒకవైపే చూస్తూ ఉంది.

ఇది తిరుగులేని సూత్రం కాదు. అలాంటిదే అయితే జపాన్ పాఠకులకు అనుమానమే వచ్చేది కాదు. నా మటుకు నాకు వ్యాకరణం కంటే ‘ఇంకోసారి’ అన్న మాటే గట్టి సాక్ష్యం. మొదటిసారి ఊపింది ఎవరు? కాస్త పైన చూస్తే, కుర్రాడు ఏం చెప్పినా మాట పూర్తికాకముందే అమ్మాయి తల ఊపుతూ ఉంటుంది, నోరు మాత్రం విప్పదు. ‘ఇంకోసారి’ ఊపాల్సింది ఆమే. 1997లో వచ్చిన జె. మార్టిన్ హోల్మన్ ఇంగ్లీషు అనువాదంలో ఊపింది అమ్మాయే.

మరి తెలుగులో? మనమూ కర్తను వదిలేస్తాం కదా, పేచీ ఉండదనిపిస్తుంది. కానీ మనం వదిలేది సర్వనామాన్నే, పురుషను కాదు. ‘ఊపాను’ అంటే కుర్రాడు, ‘ఊపింది’ అంటే అమ్మాయి. (ఆ ‘ఊపింది’ ఆవుకీ సరిపోతుంది, అది వేరే గొడవ.) అనువాదకుడు ‘ఆమె’ అని రాయకపోయినా, క్రియ ముగించేసరికి తీర్పు చెప్పేసినట్టే.

ఉపవాక్యం దగ్గర కూడా జాగ్రత్త పడాలి. “నేను వెనక్కి తిరిగి” అని మొదలుపెడితే చివరి క్రియ ‘ఊపాను’ వైపే లాగుతుంది, ఎందుకంటే ‘తిరిగి’ లాంటి క్త్వార్థక రూపానికి, సమాపక క్రియకు కర్త ఒక్కరే కావాలి. ‘తిరిగినప్పుడు’ అంటే ఆ నిర్బంధం లేదు. జపనీస్‌లో ‘గా’ చేసిన పనిలో కొంత ఇక్కడ ‘-నప్పుడు’ చేస్తుందన్నమాట.

మూలంలోని సందిగ్ధాన్ని అలాగే ఉంచాలని పట్టుబడితే ఒక దారి లేకపోలేదు: “ఇంకోసారి తల ఊపడం మాత్రమే జరిగింది.” పురుష మాయమైంది. దాంతోపాటు మనుషులూ మాయమయ్యారు, వీడ్కోలు కాస్తా పోలీసు రిపోర్టులా తయారైంది. నేనైతే ‘ఆమె’ చేర్చకుండా ‘ఊపింది’ అని ముగిస్తాను. ముందు వాక్యంలో నర్తకి ఉండనే ఉంది, రేవులో ఆవులు లేవు.